స్ట్రాటజీ గేములో ఫాగ్ ఆఫ్ వార్: చూసిన గళ్లు, చూస్తున్న గళ్ల లెక్క తప్పకుండా ఉంచడం

ఫాగ్ ఆఫ్ వార్ రాసేవారు సాధారణంగా ఒకే దారిలో మొదలుపెడతారు. ప్రతి టిక్‌లో మ్యాప్ మొత్తాన్ని చీకటి చేసి, ఒక్కొక్క యూనిట్ చుట్టూ వృత్తాన్ని వెలిగిస్తారు. 256×256 గళ్ల మ్యాపు, 8 మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి 200 యూనిట్లు, చూపు వ్యాసార్థం 8 గళ్లు అనుకోండి. చీకటి చేయడానికి 5,24,288 రాతలు, వెలిగించడానికి 3,15,200 రాతలు పడతాయి. ఇది ఒక్క టిక్ లెక్క. సెకనుకు 20 టిక్కులైతే దాదాపు 1 కోటి 68 లక్షలు అవుతుంది.

నిజానికి ఇది నేటి కంప్యూటర్ మోయలేని బరువేమీ కాదు. అసలు చిక్కు వేరే ఉంది. అంతా తుడిచి మళ్లీ రాస్తే, ఏ గడి ఇప్పుడే కనబడింది, ఏది ఇప్పుడే మరుగైంది అన్న సమాచారం చేతికి రాదు. శత్రువు కనబడగానే హెచ్చరిక ఇవ్వాలన్నా, మరుగైన భవనం బొమ్మను గుర్తుంచుకోవాలన్నా ఆ మార్పే కావాలి. అందుకే గడికొక కౌంటర్ పెట్టే పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మీ మ్యాపు 64×64కి మించకపోతే, మీకు ఆ మార్పుల అవసరం కూడా లేకపోతే తుడిచి రాసే పద్ధతితోనే సరిపెట్టుకోండి. ఆ కోడును మాత్రం పారేయకండి, 9వ మెట్టులో అది మళ్లీ పనికొస్తుంది.

## 1. కోడు రాయకముందు తేల్చుకోవలసినవి

- చూపు గడి నుంచి గడికి లెక్కించాలా, లేక యూనిట్ ఖచ్చితమైన స్థానం నుంచా? గడినే ఎంచుకోండి. యూనిట్ గడి మారినప్పుడు తప్ప ఏ పనీ చేయనక్కర్లేదు.
- కొండలు, చెట్లు చూపుకు అడ్డం వస్తాయా? వస్తే 6వ మెట్టును ముందే చదవండి, దాచుకోవలసిన సమాచారం మారుతుంది.
- మిత్రులు చూపును పంచుకుంటారా? పొత్తు ఆట మధ్యలో మారవచ్చా?
- మరుగైన గడిలో శత్రు భవనం పాత బొమ్మ కనబడాలా?
- ఒక గడిని అత్యధికంగా ఎన్ని యూనిట్లు చూడవచ్చు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చాలామంది దెబ్బతినేది అక్కడే. కౌంటర్‌ను 8 బిట్లలో పెడితే 255 దాకానే లెక్క ఉంటుంది. 256వ యూనిట్ చేరగానే అది సున్నాకి తిరిగిపోతుంది. అప్పుడు సైన్యం బాగా గుమిగూడిన చోట, సరిగ్గా నడిమధ్యలో, నల్లటి మచ్చ పడుతుంది. 16 బిట్లు వాడండి.

## 2. గడికి ఏమేమి దాచాలి

ప్రతి గడికీ మూడు సమాచారాలు వేరువేరుగా ఉంచాలి.

మొదటిది కౌంటర్: ఈ ఆటగాడి యూనిట్లలో ఎన్ని ఈ గడిని ఇప్పుడు చూస్తున్నాయి. ఇది ఆటగాడికొక అర్రే. పైన చెప్పిన మ్యాపులో ఒక్కొక్కరికి 1,31,072 బైట్లు, ఎనిమిది మందికి కలిపి 1 మెగాబైటు.

రెండోది చూసిన గుర్తు: ఒకసారి పడితే మళ్లీ చెరగదు. దీనికి ఒక్క బిట్ చాలు. గడికొక బైటు పెట్టి, ఎనిమిది మందికి ఎనిమిది బిట్లు కేటాయిస్తే మ్యాప్ మొత్తానికి 65,536 బైట్లతో సరిపోతుంది.

మూడోది చూస్తున్న గుర్తు: ఇదీ అలాగే గడికొక బైటు. కౌంటర్ సున్నా కాకపోతే ఆ ఆటగాడి బిట్ 1. కౌంటర్ ఉండగా ఇది దేనికని అడగవచ్చు. టిక్ చివర ఒక్కసారే మారే ఈ బైటునే మిగతా గేమంతా చదువుతుంది. టిక్ మధ్యలో కౌంటర్లు ఎక్కి దిగుతున్నా బయటివాళ్లకు ఆ అలజడి కనబడదు.

మిత్రుల విషయంలో ఒక మాట. ఒకరి యూనిట్ చూపును మిత్రుడి కౌంటర్లలో కూడా కలిపే ఆలోచన వస్తుంది. అలా చేయకండి. పొత్తు విరిగిన రోజు ఎవరి లెక్క ఎంతో విడదీయలేక అవస్థ పడతారు. చదివేటప్పుడే కలపడం సులువు:

```cpp
bool canSee(int p, int i) {
    return (visibleMask[i] & allies[p]) != 0;
}
```

`allies[p]`లో ఆటగాడి సొంత బిట్ కూడా ఉండాలి. పొత్తు మారితే మారేది ఈ ఒక్క బైటే, కౌంటర్ల జోలికి పోనక్కర్లేదు.

## 3. వృత్తాన్ని వరుసలుగా మార్చి పెట్టుకోండి

ప్రతిసారీ దూరం లెక్కించడం వృథా. వ్యాసార్థం `r` అయితే, మధ్య గడి నుంచి `dy` వరుసలు పైకో కిందికో జరిగినప్పుడు వెడల్పు ఎంతో ఒక్కసారి లెక్కించి పట్టికలో పెట్టండి. `x*x + dy*dy <= r*r` అయ్యే అతి పెద్ద `x` ఆ వరుసకు సగం వెడల్పు.

వ్యాసార్థం 2 అయితే సగం వెడల్పులు వరుసగా 0, 1, 2, 1, 0. అంటే 1+3+5+3+1, మొత్తం 13 గళ్లు. వ్యాసార్థం 8 అయితే 197 గళ్లు.

ఈ సూత్రంతో వచ్చే వృత్తానికి నాలుగు దిక్కులా ఒంటి గడి ముల్లులా పొడుచుకొని ఉంటుంది. అది చూడటానికి బాగుండదనిపిస్తే `r*r` బదులు `r*r + r` పెట్టండి. 8కి 225 గళ్లు వస్తాయి, అంచు గుండ్రంగా ఉంటుంది. నేనైతే దీన్నే వాడతాను. కింది ఉదాహరణలో మాత్రం లెక్క చేతితో వేసుకోవడానికి వీలుగా మొదటి సూత్రాన్నే ఉంచుతున్నాను.

రెండు సూత్రాల్లోనూ పూర్ణాంకాలే ఉన్నాయని గమనించండి. అందరి కంప్యూటర్లలో ఒకే ఆట సమాంతరంగా నడిచే నెట్‌వర్క్ గేములో దశాంశ లెక్కలు వాడితే, ఒకరి యంత్రంలో కనబడిన గడి మరొకరి యంత్రంలో కనబడకపోయే ప్రమాదం ఉంది.

## 4. కలపడానికీ తీయడానికీ ఒకే ద్వారం

కౌంటర్‌ను ముట్టుకునే కోడు గేము మొత్తంలో ఒక్కచోటే ఉండాలి. ఇదిగో ఆ చోటు:

```cpp
void span(Fog& f, int y, int x0, int x1, int d) {
    if (y < 0 || y >= f.h) return;
    x0 = std::max(x0, 0);
    x1 = std::min(x1, f.w - 1);
    for (int x = x0; x <= x1; ++x) {
        int i = y * f.w + x;
        if (d > 0) {
            f.explored[i] |= f.bit;
            if (f.count[i]++ == 0) f.changed.push_back(i);
        } else {
            assert(f.count[i] > 0);
            if (--f.count[i] == 0) f.changed.push_back(i);
        }
    }
}

void stamp(Fog& f, int cx, int cy, int r, int d) {
    for (int dy = -r; dy <= r; ++dy) {
        int w = halfWidth[r][dy + r];
        span(f, cy + dy, cx - w, cx + w, d);
    }
}
```

`x0`, `x1`లను మ్యాపు అంచులకు కత్తిరించడం మరిచిపోతే ఏమవుతుందో ఇట్టే పట్టుకోవచ్చు. కుడి అంచున నిలబడ్డ యూనిట్ వెలుగు ఎడమ అంచున ఒక వరుస కిందుగా కనబడుతుంది.

`changed` జాబితాలో గడి చేరినంత మాత్రాన అది నిజంగా మారినట్టు కాదు. ఒకే టిక్‌లో ఒక యూనిట్ గడిని వదిలి, మరో యూనిట్ దాన్ని చూడటం మొదలుపెట్టవచ్చు. అందుకే టిక్ చివర ఆ జాబితాను నడిచి, ఒక్కొక్క గడి దగ్గర కౌంటర్‌ను పాత `visibleMask` బిట్‌తో పోల్చండి. తేడా ఉంటేనే బిట్‌ను మార్చి ‘కనబడింది’ లేదా ‘మరుగైంది’ అన్న కబురు పంపండి. ఒకే గడి రెండుసార్లు జాబితాలో ఉన్నా పరవాలేదు, రెండోసారికి తేడా మిగలదు.

## 5. యూనిట్ కదిలినప్పుడు

చూసే ప్రతి దానికీ ఒక చీటీ ఉండాలి: ఏ గడి నుంచి, ఎంత వ్యాసార్థంతో, ఎవరి లెక్కలో కలిపామో అందులో రాసి ఉంటుంది. తీసేటప్పుడు యూనిట్‌ను అడగకూడదు, చీటీనే చూడాలి. ఈ మార్గదర్శిలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి.

```cpp
void moveViewer(Fog& f, Viewer& v, int nx, int ny) {
    if (nx == v.x && ny == v.y) return;
    stamp(f, nx, ny, v.r, +1);
    stamp(f, v.x, v.y, v.r, -1);
    v.x = nx;
    v.y = ny;
}
```

ముందు కలిపి, తర్వాత తీయండి. ఈ వరుస తిరగబడితే రెండు వృత్తాలకూ ఉమ్మడిగా ఉన్న గళ్లు 1 నుంచి 0కి దిగి మళ్లీ 1కి ఎక్కుతాయి. ఫలితం తప్పు కాదు గానీ `changed` జాబితా ఊరికే ఉబ్బిపోతుంది.

ఒక ఉదాహరణ చేతితో చేసి చూద్దాం. వ్యాసార్థం 2 ఉన్న యూనిట్ క (10,10) దగ్గర ఉంది. అదే వ్యాసార్థంతో యూనిట్ చ (7,10) దగ్గర ఉంది. 10వ వరుసలో క చూసేది 8 నుంచి 12 దాకా, చ చూసేది 5 నుంచి 9 దాకా. కాబట్టి (8,10), (9,10) గళ్ల కౌంటర్ 2. మిగతావన్నీ 1.

ఇప్పుడు క ఒక గడి కుడికి, (11,10)కి జరిగింది. కొత్తగా చూపులోకి వచ్చినవి ఐదు: (11,8), (12,9), (13,10), (12,11), (11,12). ఇవి 0 నుంచి 1కి వెళ్తాయి. చూపు నుంచి తప్పుకొన్నవి కూడా ఐదు: (10,8), (9,9), (8,10), (9,11), (10,12). వీటిలో నాలుగు 1 నుంచి 0కి దిగి, ‘చూసినవి, ఇప్పుడు చూడనివి’ అవుతాయి. (8,10) మాత్రం 2 నుంచి 1కే దిగుతుంది, ఎందుకంటే చ ఇంకా దాన్ని చూస్తూనే ఉంది. గళ్లకు కౌంటర్ బదులు ఒంటి బిట్ పెట్టి ఉంటే సరిగ్గా ఈ గడే తప్పుగా ఆరిపోయేది.

ఈ ఉదాహరణలోనే మరో మెరుగు దాగి ఉంది. 26 రాతలు చేశాం గానీ, నిజంగా అవసరమైనవి పది. అడ్డంగా ఒక గడి జరిగితే ప్రతి వరుసకూ ముందు ఒకటి కలుస్తుంది, వెనుక ఒకటి పోతుంది. వ్యాసార్థం 8కి 17 వరుసలు కాబట్టి 34 రాతలు చాలు, 394 అక్కర్లేదు.

దాన్ని రాయడం కష్టం కాదు. ఒక వరుసలో కొత్త ముక్క `a..b`, పాత ముక్క `c..d` అయితే, కలపవలసినవి `a..min(b,c-1)`, `max(a,d+1)..b`. ఖాళీ ముక్కల దగ్గర `span` తనంతట తానే ఊరుకుంటుంది. పాత వృత్తంలో ఆ వరుసే లేకపోతే మొత్తం `a..b` కలపండి. తీయడానికి రెండు ముక్కల పాత్రలూ తారుమారు చేయండి, అంతే. ఏటవాలుగా జరిగినా ఇదే పని చేస్తుంది. కానీ మొదట సాదా `moveViewer`తో గేమును నడిపించి, ప్రొఫైలర్ ఇది బరువుగా ఉందని చూపిస్తేనే ఇటు రండి.

### కౌంటర్ లెక్క తప్పే చోట్లు

కౌంటర్ ఒక్కసారి తప్పితే తనంతట తాను సరికాదు. రెండు లక్షణాలు కనిపిస్తాయి. ఎవరూ లేని చోట గుండ్రటి వెలుగు శాశ్వతంగా మిగిలిపోతే, కలిపినది తీయలేదని అర్థం. `assert` దగ్గర గేము ఆగితే, కలపనిది తీశారని అర్థం.

నేను ఒకసారి రెండు రోజులు వెతికినది మొదటి రకం. తీరం వెంబడి నెలవంక ఆకారంలో వెలుగులు మిగిలిపోయేవి. సైనికుడు ఓడ ఎక్కేటప్పుడు అతని స్థానాన్ని ముందే ఓడ స్థానానికి మార్చి, తర్వాత చూపు తీసేవాణ్ని. తీసింది పక్క గడి నుంచి. కలిపిన వృత్తం, తీసిన వృత్తం ఒక గడి తేడాతో పడి, ఆ తేడాయే నెలవంకగా మిగిలేది. రెండోవైపున సున్నా కిందికి దిగవలసిన గళ్లను, ఓడ చూపు వల్ల కౌంటర్ సున్నా కాకపోవడంతో `assert` పట్టుకోలేదు. చీటీ పద్ధతికి మారిన రోజే అది పోయింది.

ఈ సందర్భాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించండి:

- యూనిట్ చనిపోవడం, అదే టిక్‌లో కదిలి చనిపోవడం
- వాహనం ఎక్కడం, దిగడం
- శత్రుపక్షానికి మారిపోవడం: పాత యజమాని లెక్క నుంచి తీసి, కొత్త యజమాని లెక్కలో కలపాలి
- అప్‌గ్రేడ్ వల్ల వ్యాసార్థం పెరగడం: కొత్త `r`తో కలిపి, పాత `r`తో తీయాలి
- భవనం నిర్మాణం పూర్తికావడం, మధ్యలో రద్దుకావడం
- ఆటగాడు ఓడి నిష్క్రమించడం

## 6. కొండలు, చెట్లు అడ్డం వస్తే

ఇక్కడ వృత్తం స్థిరంగా ఉండదు. ఒకే గడి నుంచి ఒకే వ్యాసార్థంతో చూసినా, మధ్యలో చెట్టు కొట్టేస్తే కనబడే గళ్లు మారిపోతాయి. కలిపేటప్పుడు లెక్కించి, తీసేటప్పుడు మళ్లీ లెక్కిస్తే రెండు జాబితాలూ కలవవు.

అందుకని చీటీలో వ్యాసార్థంతోపాటు కనబడిన గళ్ల జాబితానే దాచండి. 256×256 మ్యాపులో గడి సంఖ్య 65,535 దాటదు కాబట్టి ఒక్కొక్కదానికి 2 బైట్లు చాలు. ఒక యూనిట్‌కు గరిష్ఠంగా 394 బైట్లు, 1,600 యూనిట్లకు సుమారు 630 కిలోబైట్లు. కదిలినప్పుడు కొత్త జాబితా లెక్కించండి, దాన్ని కలపండి, పాత జాబితాను తీయండి, కొత్తదాన్ని దాచండి.

జాబితాలో ఏ గడీ రెండుసార్లు రాకూడదు. వృత్తం అంచునున్న ప్రతి గడికీ గీత గీసి దారిలోని గళ్లను పోగుచేసే పద్ధతిలో, మధ్యకు దగ్గరగా ఉన్న గళ్లు పదేపదే వస్తాయి. ఆ పద్ధతికి మరో లోపం కూడా ఉంది: ఇటు నుంచి అటు గీసిన గీత, అటు నుంచి ఇటు గీసిన గీత కొన్నిసార్లు వేర్వేరు గళ్ల మీదుగా పోతాయి. దానితో విలుకాడు శత్రువును చూస్తాడు, శత్రువుకు విలుకాడు కనబడడు. రెండు వైపులా సమానంగా ఉండే షాడోకాస్టింగ్ పద్ధతిని ఎంచుకుంటే ఈ రెండు తలనొప్పులూ తగ్గుతాయి.

చెట్టు పడినప్పుడు అందరి చూపునూ మళ్లీ లెక్కించకండి. ఆ గడి ఎవరి వ్యాసార్థంలో ఉందో వారికి మాత్రమే ‘మళ్లీ లెక్కించాలి’ అన్న గుర్తు పెట్టి, టిక్ చివర ఒక్కసారి లెక్కించండి. పది చెట్లు ఒకేసారి పడినా యూనిట్‌కు ఒక్క లెక్కే.

## 7. మరుగైన గడిలో ఏమి చూపాలి

చూసి, ఇప్పుడు చూడని గడిలో నేల కనబడాలి, శత్రు యూనిట్లు కనబడకూడదు, భవనాలు చివరిసారి ఎలా కనిపించాయో అలాగే ఉండాలి. కనబడకుండా కూల్చిన భవనం కూడా ఆటగాడి తెర మీద ఇంకా నిలిచే ఉండాలి. అసలు భవనాన్నే మసకగా గీస్తే, అది కూలిన క్షణమే మాయమై గుట్టు బయటపడుతుంది.

భవనం ఆక్రమించిన గళ్లన్నీ మరుగైనప్పుడు దాని నకలు ఒకటి ఆటగాడి పేరిట రాసిపెట్టండి: రకం, స్థానం, యజమాని, అప్పటి ఆరోగ్యం. 3×3 భవనంలో ఒక్క గడి కనబడుతున్నా అసలు భవనాన్నే చూపండి. ఆ గళ్లలో ఏ ఒక్కటి మళ్లీ కనబడినా నకలును తొలగించండి, అసలుది ఉంటే అది కనబడుతుంది, లేకపోతే లేదు. దీనికి కావలసిన కబుర్లన్నీ 4వ మెట్టు చివర వస్తూనే ఉన్నాయి.

గుట్టు బయటపడే మరో దారిని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. ఆటగాడు చీకట్లోకి వెళ్లమని ఆజ్ఞ ఇస్తే, దారి వెతికే కోడు తెలియని గోడను ముందే తప్పించుకొని వంకర దారి పట్టిందంటే అక్కడ గోడ ఉందని చెప్పేసినట్టే. ఆటగాడికి తెలిసిన అడ్డంకులతోనే దారి వెతికించి, ఎదురైనప్పుడు మళ్లీ వెతికించండి.

## 8. తెర మీద గీయడం

గడికొక బైటు ఉన్న టెక్స్చర్ చాలు: చూడనిది 0, చూసినది 128, చూస్తున్నది 255. మన మ్యాపుకు 64 కిలోబైట్లు. మార్పు వచ్చిన టిక్‌లో మాత్రమే పంపండి. బైలీనియర్ ఫిల్టర్ పెడితే అంచులు వాటంతట అవే మెత్తబడతాయి. వెలుగు ఒక్కసారిగా కాక మెల్లగా రావాలంటే, తెరకు పంపే విలువను ప్రతి ఫ్రేములో లక్ష్యం వైపు కొంచెం కొంచెంగా జరపండి. ఆ మెత్తదనం తెరకే పరిమితం, ఆట నియమాలు `visibleMask`నే చదవాలి.

తరచూ ఎదురయ్యేవి రెండు. ఫాగ్ సగం గడి పక్కకు జరిగినట్టుంటే, గడి మధ్య బిందువుకు బదులు మూల నుంచి టెక్స్చర్ చదువుతున్నారు, గడి నిరూపకాలకు 0.5 కలిపి, `x`ను వెడల్పుతో, `y`ను ఎత్తుతో భాగించండి. ఫాగ్ మొత్తం ఏటవాలుగా చీలికలైతే మ్యాపు వెడల్పు 4తో భాగింపబడనిదై ఉంటుంది. ఓపెన్‌జీఎల్ వరుసలు 4 బైట్ల హద్దున మొదలవుతాయని అనుకుంటుంది. టెక్స్చర్ పంపేముందు ఇది పెట్టండి:

```cpp
glPixelStorei(GL_UNPACK_ALIGNMENT, 1);
```

## 9. లెక్క సరిచూసుకోవడం

మొదట్లో పారేయవద్దన్న కోడు ఇక్కడికే. డీబగ్ బిల్డులో ప్రతి 100 టిక్కులకు ఒకసారి ఖాళీ అర్రే తీసుకొని, అన్ని యూనిట్ల ప్రస్తుత స్థితి నుంచి కౌంటర్లను కొత్తగా నింపి, నడుస్తున్న అర్రేతో పోల్చండి. ఇక్కడ చీటీలను నమ్మకుండా యూనిట్‌నే అడగాలి, లేకపోతే చీటీలోని తప్పు పరీక్షలోనూ దాక్కుంటుంది. తేడా వచ్చిన మొదటి గడి, టిక్ సంఖ్య, ఆ మధ్య నమోదైన కలపడం, తీయడం చిట్టా అచ్చువేయండి. తప్పు చేసిన యూనిట్ సాధారణంగా ఆ చిట్టాలోనే దొరుకుతుంది.

- యూనిట్లన్నిటినీ చంపేస్తే ప్రతి కౌంటర్ సున్నా కావాలి.
- మ్యాపు నాలుగు మూలల్లో యూనిట్లను నిలబెట్టి ఎదుటి అంచులు చూడండి.
- 300 యూనిట్లను ఒకే చోట గుమిగూడనివ్వండి.
- నెట్‌వర్క్ గేమైతే కౌంటర్ల చెక్‌సమ్‌ను కూడా ఇతర స్థితితోపాటు పోల్చండి.

సేవ్ ఫైలులో చూసిన గుర్తులు, భవనాల నకళ్లు ఉండాలి. కౌంటర్లను రాయకండి, లోడ్ అయ్యాక యూనిట్ల నుంచి మళ్లీ నింపుకోండి. ఆ నింపే సమయంలో మాత్రం ‘కనబడింది’ కబుర్లను ఆపి ఉంచండి. లేకపోతే ఆట తెరుచుకున్న మరుక్షణం, తెర మీదున్న ప్రతి శత్రువుకూ ఒక్కొక్క హెచ్చరిక గంట ఒకేసారి మోగుతుంది.